వాట్సాప్‌లో మెసేజ్‌లు మాయమయ్యే టైమర్: అన్ని కొత్త చాట్‌లకా, ఒక్క చాట్‌కా?

జగిత్యాల నుంచి నిర్మల్ దాకా ఉమ్మడి కరీంనగర్, ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాల్లో ఎన్నో ఇండ్లలో ఒక మనిషన్నా గల్ఫ్‌లో ఉంటడు. వీసా కాపీ, జీతం మాట, ఏజెంటుకు కట్టిన పైసల లెక్క, టికెట్ తేదీ అన్నీ వాట్సాప్‌లోనే నడుస్తయి. కాగితం మీద రాసిచ్చేది తక్కువ. అందుకే వాట్సాప్‌లో మెసేజ్‌లు వాటంతట అవే పోయే టైమర్ ఎట్ల పనిచేస్తదో ఈ ఇండ్లకు తెలిసి ఉండాలె. ఆ టైమర్‌ను రెండు చోట్ల పెట్టుకోవచ్చు. ఒకటి ఇకముందు మొదలయ్యే అన్ని చాట్‌లకు, రెండోది ఒక్క చాట్‌కు. ఈ రెండూ ఒకటి కాదు. ముఖ్యంగా మొదటిది మీరు పెట్టకపోయినా, అవతలి మనిషి పెట్టుకుంటే మీ చాట్‌లోకి వచ్చేస్తది.

రెండు సెట్టింగులు ఎక్కడుంటయి

మాయమయ్యే మెసేజ్‌లను వాట్సాప్ 2020 నవంబర్‌లో తెచ్చింది. అప్పుడు 7 రోజుల గడువు ఒక్కటే ఉండేది, అది కూడా ఒక్కో చాట్‌లో విడిగా పెట్టుకోవాలె. 2021 డిసెంబర్‌లో 24 గంటలు, 90 రోజుల గడువులు కలిసినయి. కొత్త చాట్‌లన్నిటికీ ఒకేసారి టైమర్ పెట్టే సౌకర్యం కూడా అప్పుడే వచ్చింది.

ఫోన్ ఇంగ్లీషులో ఉంటే, అన్ని కొత్త చాట్‌లకు పెట్టే దారి ఇది:

```
Settings > Privacy > Default message timer
```

ఒక్క చాట్‌కు పెట్టాలంటే ఆ చాట్ తెరిచి, పైన ఉన్న పేరు మీద నొక్కి, కిందికి జరిపితే `Disappearing messages` అని కనిపిస్తది. రెండు చోట్లా ఉండే గడువులు అవే: 24 గంటలు, 7 రోజులు, 90 రోజులు, లేదంటే `Off`.

మొదటి సెట్టింగు పెట్టినంక మీరు మొదలుపెట్టినా, అవతలివాళ్ళు మొదలుపెట్టినా, ఇద్దరి మధ్య కొత్తగా తెరుచుకునే ప్రతి చాట్ ఆ గడువుతోనే మొదలైతది. అప్పటికే నడుస్తున్న పాత చాట్‌లకు అది తగలదు. పాత చాట్‌లకు, గ్రూపులకు కూడా కావాలంటే అదే పేజీలో కింద ఇచ్చిన దారిలో పోయి, ఏయే చాట్‌లకో మీరే ఎంచుకోవాలె. అందుకని "డిఫాల్ట్ పెట్టిన, ఇగ అన్నీ పోతయి" అనుకుంటే పొరపాటే. నిన్నటిదాకా మాట్లాడిన చాట్‌లు ఉన్నది ఉన్నట్టే ఉంటయి.

రెండో సెట్టింగు ఆ ఒక్క చాట్‌కే పరిమితం. అయితే ఇద్దరు మాట్లాడుకునే చాట్‌లో ఇద్దరికీ సమాన హక్కు. ఎవరు పెట్టినా ఇద్దరి ఫోన్లలోనూ మెసేజ్‌లు పోతయి, ఎవరు తీసేసినా ఇద్దరికీ ఆగుతయి. డిఫాల్ట్ వల్ల వచ్చిన టైమర్‌ను కూడా ఆ చాట్ వరకు ఎవరైనా మార్చొచ్చు. గ్రూపులో అడ్మిన్ ఆపకపోతే సభ్యులెవరైనా మార్చగలరు.

ఒక ఉదాహరణ: సోమవారం మాట, మంగళవారం మాయం

జగిత్యాల దగ్గర ఒక ఊర్లో తల్లి, కొడుకు ఉన్నరు అనుకుందాం. కొడుకు సౌదీకి పోవాలె. ఏజెంటు తన ఫోన్‌లో డిఫాల్ట్ టైమర్‌ను 24 గంటలకు పెట్టుకున్నడు. అది చెడ్డ ఉద్దేశంతోనే పెట్టిండని అనలేం, రోజుకు వందమందితో మాట్లాడేవాళ్ళు ఫోన్ నిండకుండా కూడా పెట్టుకుంటరు. కానీ జరిగేది మాత్రం ఒకటే.

సోమవారం పొద్దున 11 గంటలకు తల్లి నంబరుకు ఏజెంటు కొత్తగా ఒక వాయిస్ మెసేజ్ పంపిండు: "అమ్మా, నెలకు 1,200 రియాళ్ళు, ఎనిమిది గంటల డ్యూటీ, తిండి కంపెనీదే." సాయంత్రం 4 గంటలకు ఇంకో మెసేజ్: "మీ 60 వేలు ముట్టినయి."

చాట్ మొదట్లోనే ఒక చిన్న పెట్టెలో, ఈయన కొత్త చాట్‌లకు టైమర్ వాడుతున్నడని, మెసేజ్‌లు 24 గంటల్లో పోతయని వాట్సాప్ రాసి చూపించింది. ఏజెంటు ఫొటో మీద చిన్న గడియారం గుర్తు కూడా వచ్చింది. తల్లి చూడలేదు.

మంగళవారం 11 గంటలకు జీతం గురించి చెప్పిన వాయిస్ పోయింది. 12 గంటలకు కొడుకు వచ్చి చూసి, ఆ చాట్‌లో టైమర్‌ను `Off` చేసిండు. ఇక్కడే చాలామంది దెబ్బతింటరు. `Off` చేస్తే ఆ తర్వాత వచ్చే మెసేజ్‌లే నిలుస్తయి. పోయిన వాయిస్ తిరిగి రాదు. 60 వేలు ముట్టినయన్న మెసేజ్ ఇంకా తెరమీద ఉన్నా, దానికి పంపిన నాటి గడువే వర్తిస్తది. మంగళవారం సాయంత్రం 4 గంటలకు అదీ పోతది. టైమర్ మెసేజ్ పంపినప్పటి నుంచి లెక్క, చదివినప్పటి నుంచి కాదు.

అంటే ఆ కొడుకు చేతిలో నాలుగు గంటలు ఉన్నయి. వాటిని ఎట్ల వాడుకోవాలె?

నాలుగు గంటల్లో ఏం చెయ్యాలె

మొదటి పని స్క్రీన్‌షాట్. కాంటాక్ట్‌లో "ఏజెంట్ భాయ్" అని సేవ్ చేసి ఉంటే స్క్రీన్‌షాట్‌లో ఆ పేరే పడ్తది, నంబరు పడదు. అందుకని చాట్‌ది ఒకటి, పేరు మీద నొక్కితే వచ్చే నంబరు పేజీది ఒకటి, రెండూ తియ్యాలె. మెసేజ్ తేదీ, టైము కనబడాలె. ఇంకో ఫోన్‌తో ఆ తెరను వీడియో తీసిపెట్టుకుంటే ఇంకా మంచిది. వాయిస్ మెసేజ్ అయితే రెండో ఫోన్‌లో వీడియో తీస్తూ వినిపించాలె.

రెండో పని ఆ మెసేజ్‌ను టైమర్ లేని ఇంకో చాట్‌కు, అంటే ఇంట్లోవాళ్ళ చాట్‌కు ఫార్వర్డ్ చెయ్యడం. అక్కడ అది నిలుస్తది. కానీ ఫార్వర్డ్ చేసిన దాంట్లో మొదట ఎవరు, ఎప్పుడు పంపిన్రో కనిపించదు. కాబట్టి ఇది స్క్రీన్‌షాట్‌కు తోడుగా ఉండాలె, దాని బదులు కాదు.

మూడోది, మెసేజ్‌ను నొక్కిపట్టి `Keep` అనొచ్చు. ఈ సౌకర్యం 2023లో వచ్చింది. అయితే చివరి మాట పంపినవాళ్ళదే. మీరు కీప్ చేసిన సంగతి వాళ్ళకు తెలుస్తది, వాళ్ళు వద్దంటే గడువుకు ఆ మెసేజ్ పోతది. ఇంట్లోవాళ్ళ వాయిస్ దాచుకోవడానికి కీప్ సరిపోతది, పైసల లావాదేవీలో మాత్రం దాన్నే నమ్ముకోవద్దు.

నాలుగోది అన్నిటికంటే సులువు. టైమర్ తీసేసినంక అదే మాటను ఏజెంటుతో మళ్ళీ చెప్పించుకోవాలె: "అన్నా, జీతం 1,200 రియాళ్ళు, 60 వేలు ముట్టినయి అన్నరు గదా, ఒకసారి రాసి పంపండి." ఆయన మళ్ళీ టైమర్ పెడితే, ఎవరు మార్చిన్రో చాట్‌లో రాసి చూపిస్తది. అది కూడా స్క్రీన్‌షాట్ తీసుకోవాల్సిన సంగతే.

ఇవన్నీ ఎందుకంటే, 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద రిజిస్టర్ అయిన ఏజెంటు తీసుకునే సర్వీస్ చార్జికి 30 వేల రూపాయలు, దానిపై జీఎస్టీ అనే పరిమితి ఉంది. అంతకంటే ఎక్కువ తీసుకున్నడని ఫిర్యాదు చెయ్యాలంటే, తీసుకున్నట్టు చూపించేది ఏదో ఒకటి ఉండాలె కదా. కోర్టు దాకా పోతే ఫోన్‌లోని రికార్డుకు భారతీయ సాక్ష్య అధినియమ్‌లోని సెక్షన్ 63 ప్రకారం సర్టిఫికెట్ కావాలె. అందుకే ఆ ఫోన్‌ను అమ్మొద్దు, రీసెట్ కొట్టొద్దు.

మీరే డిఫాల్ట్ పెట్టుకుంటే

ఇంట్లో ఒకే ఫోన్ నలుగురు వాడితే, గుట్టు కోసం డిఫాల్ట్‌ను 24 గంటలకు పెట్టుకోవాలని అనిపిస్తది. కానీ రేపు కొత్త నంబరు నుంచి కంపెనీ హెచ్‌ఆర్ రాసినా, అకామా సంగతి వచ్చినా, కొడుకు అక్కడ కొత్త సిమ్ తీసుకుని ఆ నంబరుతో చాట్ మొదలుపెట్టినా ఆ గడువే పడ్తది. క్యాంపులో రెండు రోజులు నెట్ లేకపోతే, ఇంటినుంచి పంపిన మెసేజ్ కొడుకు చూడకముందే చాట్‌లో నుంచి పోతది. సిగ్నల్ యాప్‌లో అట్ల కాదు, అందులో అందుకున్న మనిషి చదివినంకనే అతని ఫోన్‌లో టైమర్ మొదలైతది. వాట్సాప్‌లో ఆ వెసులుబాటు లేదు.

అందుకని గల్ఫ్‌తో సంబంధం ఉన్న ఇండ్లకు డిఫాల్ట్ `Off` ఉండటమే మేలు. ఫోన్ నిండుతదని భయం ఉంటే 90 రోజులు పెట్టుకుని, ఏజెంటు, కంపెనీ, బ్యాంకు చాట్‌లలో మాత్రం విడిగా తీసేయాలె.

టైమర్ నిజంగా పనికొచ్చేది ఒక్కో చాట్‌లో. ఆధార్, పాస్‌పోర్ట్ కాపీలు ప్రింట్ కోసం జిరాక్స్ షాపుకు పంపుతరు కదా, ఆ చాట్‌లో ముందు 24 గంటలు పెట్టి, తర్వాత ఫొటో పంపండి. పంపినంక టైమర్ పెడితే ఆ ఫొటోకు అది తగలదు. ఇందులోనూ ఒక లోటుంది. షాపు ఫోన్‌లో ఫొటోలు వాటంతట అవే డౌన్‌లోడ్ అయ్యేటట్టు ఉంటే, చాట్‌లో పోయినా గ్యాలరీలో మిగులుతయి. "గ్యాలరీల నుంచి గూడ తీసెయ్యి భాయ్" అని నోటితో చెప్పి, ఎదురుగా నిలబడి తీయించుకోవాలె.

ఇప్పుడే ఒక పని చెయ్యండి. మీ ఇంటి ఫోన్‌లో ఏజెంటు, కంపెనీ చాట్‌లు తెరిచి, ఫొటో మీద గడియారం గుర్తు ఉందో లేదో చూడండి. ఉంటే ముందు స్క్రీన్‌షాట్, తర్వాత `Off`. చదువురాని పెద్దవాళ్ళ ఫోన్ అయితే ఇంట్లో పిల్లలు కూర్చుని చూసిపెట్టాలె.