సముద్రానికి తూము ఎక్కడ?

1899లో డబ్లిన్‌లోని ట్రినిటీ కాలేజీ ప్రొఫెసర్ జాన్ జోలీ భూమి వయసు తేల్చడానికి సముద్రపు ఉప్పును పట్టుకున్నాడు. లెక్క చాలా చిన్నది. సముద్రంలో మొత్తం ఎంత సోడియం ఉందో తెలుసుకోవాలి. నదులు ఏటా ఎంత సోడియం తెచ్చి పోస్తున్నాయో తెలుసుకోవాలి. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే సముద్రం పుట్టి ఎన్నేళ్లయిందో వస్తుంది.

అప్పటికి ఆ రెండు అంకెలూ దొరికే కాలం వచ్చింది. 1872 నుంచి 1876 దాకా బ్రిటిష్ నౌక చాలెంజర్ ప్రపంచ సముద్రాలన్నీ తిరిగి నీళ్లు సీసాలకెత్తింది. వాటిలో 77 నమూనాలను విలియం డిట్‌మార్ అనే రసాయన శాస్త్రవేత్త ఎంతో ఓపికగా విశ్లేషించాడు. ఒకచోట ఉప్పదనం కాస్త ఎక్కువ, ఇంకోచోట తక్కువ. కానీ ఏ సముద్రంలో ముంచినా ఆ లవణాలు ఒకదానికొకటి ఉండే పాళ్లు మాత్రం దాదాపు మారవని తేలింది. కాబట్టి కొన్ని సీసాల నీళ్లతోనే సముద్రం మొత్తానికి లెక్క కట్టవచ్చు. నదుల సంగతి అదే చాలెంజర్ యాత్రలో ఉన్న జాన్ మరే చూశాడు. ప్రపంచ నదులు ఏటా సుమారు 15.7 కోట్ల టన్నుల సోడియం తెస్తాయని ఆయన అంకెల నుంచి వచ్చింది. సముద్రంలో ఉన్నది 14 వేల లక్షల కోట్ల టన్నులు. భాగిస్తే 9 కోట్ల ఏళ్లు. చిన్న చిన్న సవరణలు చేసి, జోలీ 8 నుంచి 9 కోట్ల ఏళ్లని ప్రకటించాడు.

ఆ రోజుల్లో అది పెద్ద అంకె. రెండేళ్ల కిందటే లార్డ్ కెల్విన్ భూమి చల్లారిన లెక్క కట్టి 2 నుంచి 4 కోట్ల ఏళ్లకు మించదన్నాడు. పొరలు పొరలుగా రాళ్లు పేరుకోవడానికి అంత తక్కువ కాలం చాలదని గింజుకుంటున్న భూగర్భ శాస్త్రవేత్తలకు జోలీ అంకె ఊపిరి పోసింది. నిజం మాత్రం ఇద్దరికీ అందనంత దూరంలో ఉంది. మరో ఎనిమిదేళ్లకే యురేనియం ఖనిజాల్లో పోగైన సీసాన్ని కొలిచి, బెర్‌ట్రమ్ బోల్ట్‌వుడ్ కొన్ని రాళ్లకే 40 కోట్ల నుంచి 220 కోట్ల ఏళ్ల వయసు చూపించాడు. ఇవాళ మనం భూమి వయసు 450 కోట్ల ఏళ్ల పైమాటే అంటున్నాం.

మరి జోలీ ఎక్కడ పొరబడ్డాడు? కూడికలో కాదు. అంకెలు కూడా ఆ కాలానికి మెచ్చుకోదగ్గవే. సముద్రాన్ని ఆయన తూమూ అలుగూ లేని చెరువు అనుకున్నాడు. వాగులు తెచ్చినది తెచ్చినట్టే అందులో పోగవుతుందని నమ్మాడు. ఆ నమ్మకాన్ని సరిచూసే దారి ఆయన లెక్కలోనే ఉంది. అదే భాగహారం వేరే పదార్థాలతో చేసి చూస్తే చాలు. మెగ్నీషియంతో చేస్తే సముద్రం వయసు సుమారు 1.3 కోట్ల ఏళ్లు వస్తుంది. కాల్షియంతో చేస్తే పది లక్షల ఏళ్లు. సిలికాతో చేస్తే కొన్ని వేల ఏళ్లే. ఒకే సముద్రానికి ఇన్ని వయసులు ఉండవు గదా! అంటే ఆ అంకెలు సముద్రం వయసువి కావు. ఒక్కో పదార్థం నదిలోంచి వచ్చాక సముద్రంలో సగటున ఎంతకాలం నిలుస్తుందో చెప్పేవి. ఈ మాటను నార్వే శాస్త్రవేత్త టామ్ బార్త్ 1952లో గానీ స్పష్టంగా చెప్పలేదు.

నిజానికి నది నీటినీ సముద్రపు నీటినీ పక్కపక్కన పెట్టి చూస్తేనే అనుమానం రావాలి. సగటు నది లీటరు నీటిలో కరిగిన పదార్థం పదో వంతు గ్రాము ఉంటుంది. సముద్రంలో 35 గ్రాములు. తేడా చిక్కదనంలోనే ఉంటే ఎండ పని అని సరిపెట్టుకోవచ్చు. ఆవిరయ్యేది నీరే, ఉప్పు కాదు. కానీ సరుకే వేరు. నదిలో ముందుండేవి కాల్షియం, బైకార్బనేట్. సముద్రపు లవణాల బరువులో నూటికి 85 పాళ్లు సోడియం, క్లోరైడ్. నది నీటిని ఎంత మరిగించినా సముద్రపు నీరు కాదు. డెన్మార్క్ శాస్త్రవేత్త యోహాన్ ఫోర్క్‌హామర్ దీన్ని 1865లోనే పసిగట్టాడు. సముద్రంలో ఏది ఎంత ఉందన్నది నదులు ఎంత తెచ్చాయన్నదాన్ని బట్టి కాదు, అది ఎంత సులువుగా కరగని రూపంలోకి మారి బయటపడగలదన్నదాన్ని బట్టి ఉంటుందని రాశాడు. జోలీ కంటే ముప్పై నాలుగేళ్లు ముందు అన్నమాట!

ఇక రాక సంగతి. వాన చినుకు గాలిలోని, మట్టిలోని కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకొని పలచటి ఆమ్లమవుతుంది. అది గ్రానైట్‌లోని ఫెల్‌స్పార్ గింజను తాకి దానిలోని సోడియం, కాల్షియం, పొటాషియంలను, కొంత సిలికాను విడదీసి పట్టుకుపోతుంది. మిగిలేది బంకమన్ను. హైదరాబాద్ చుట్టుపక్కల గుండు చుట్టూ రాలి పడే మొరం ఈ పని సగంలో ఉన్న దశ. ఫెల్‌స్పార్ పట్టు సడలి, కరగని క్వార్ట్జ్ గింజలు విడిపోతూ ఉంటాయి. అందులోంచి పోయిన సోడియం మూసీ, కృష్ణల మీదుగా బంగాళాఖాతానికి చేరుతుంది.

అయితే రాళ్లలో క్లోరిన్ దాదాపు లేదు. సముద్రంలో ఉన్నంత క్లోరిన్ కావాలంటే భూమి మీద రాళ్లన్నీ అరగదీసినా రాదు. అది భూమి కడుపులోంచి అగ్నిపర్వతాల వాయువులతో, ఎక్కువగా భూమి తొలినాళ్లలోనే బయటికొచ్చింది. అంటే మన ఉప్పు డబ్బాలోని సగం సరుకు రాయిది, సగం అగ్నిపర్వతానిది. నదుల్లో కనిపించే క్లోరైడ్‌లో మంచి వాటా కెరటాల తుంపర గాలికెగిరి, వానతో నేల మీద పడి, తిరుగు ప్రయాణంలో ఉన్నది. జోలీకి ఈ తుంపర సంగతి తెలుసు. కానీ తీసివేసింది చాలలేదు.

పోక సంగతికొస్తే కాల్షియంది అందరికీ కనిపించే దారి. గవ్వలు, పగడాలు, కంటికి ఆనని సముద్రజీవులు దాన్ని సున్నంగా మార్చి ఒంటికి తొడుక్కుంటాయి. చనిపోయాక అడుగుకు చేరతాయి. కర్నూలు, కడప ఇళ్లలో పరిచే నాపరాయి ప్రాచీన సముద్రం అడుగున దిగిన సున్నపు బురదే. మెగ్నీషియం సంగతే చాలాకాలం అంతుపట్టలేదు. నదులు ఏటా సుమారు 13 కోట్ల టన్నులు తెస్తున్నాయి. గవ్వల్లోకి పోయేది తక్కువ. మెగ్నీషియం పుష్కలంగా ఉండే డోలమైట్ రాయి నేటి సముద్రాల్లో పెద్దగా ఏర్పడడం లేదు. 1966లో ఫ్రెడ్ మెకంజీ, రాబర్ట్ గారెల్స్ రాకపోకల పట్టీ వేసి, అడుగు బురదలో కొత్త బంకమన్నులు పుట్టి ఈ మిగులును మింగుతుండాలని ప్రతిపాదించారు. బురదలో వెతికితే కావలసినంత దొరకలేదు.

1977 ఫిబ్రవరిలో గాలపాగోస్ దీవుల దగ్గర, ఆల్విన్ అనే చిన్న జలాంతర్గామి రెండున్నర కిలోమీటర్ల లోతుకు దిగింది. అక్కడ కొత్త సముద్రపు నేల పుట్టే చీలిక ఒకటుంది. దాని పగుళ్లలోంచి గోరువెచ్చని నీరు ఊరుతోంది. చుట్టూ అప్పటిదాకా ఎవరూ చూడని జంతుజాలం. ప్రపంచమంతా ఆ జీవుల గురించే మాట్లాడుకుంది. రసాయన శాస్త్రవేత్త జాన్ ఎడ్మండ్ బృందం మాత్రం ఆ నీళ్ల సీసాలు పట్టుకుని కూర్చుంది. నమూనా ఎంత వెచ్చనిదైతే అందులో మెగ్నీషియం అంత తక్కువ. పైకొచ్చే దారిలో అసలు వేడినీరు చల్లటి సముద్రపు నీటితో కలిసిపోతోందని, పలచబడిన నీరే సీసాల్లో ఉందని వాళ్లకు అర్థమైంది. గ్రాఫు మీద గీతను పొడిగిస్తూ పోతే మెగ్నీషియం సున్నాకు చేరేచోట ఉష్ణోగ్రత సుమారు 350 డిగ్రీలు. అంత వేడి నీటిని సముద్రం అడుగున అప్పటికి ఎవరూ చూడలేదు.

రెండేళ్లకు, 1979లో, మెక్సికో తీరానికి అవతల అదే ఆల్విన్‌కు నల్లటి పొగలు కక్కే గొట్టాలు ఎదురయ్యాయి. ఉష్ణోగ్రత కొలిచే పరికరాన్ని లోపలికి పెడితే దాని ప్లాస్టిక్ కడ్డీ కరిగిపోయింది. తట్టుకునే పరికరంతో మళ్లీ కొలిస్తే వేడి 350 డిగ్రీల మీదే తేలింది. ఆ నీటిలో మెగ్నీషియం దాదాపు లేదు. అడుగులో వేడి బసాల్ట్ రాయి దాన్ని పూర్తిగా లాగేసుకుని, బదులుగా కాల్షియం, సిలికా, ఇనుము, మాంగనీసు ఇస్తోంది. ఆ ‘పొగ’ చల్లటి నీటిలోకి వస్తూనే గడ్డకట్టే లోహ సల్ఫైడ్ల ధూళి. ఇంకో వింత ఏమిటంటే, సముద్రపు నీరు పగుళ్లలోకి దిగి వేడెక్కేటప్పుడు అందులోని సల్ఫేట్ కూడా కాల్షియంతో కలిసి అక్కడే రాయిలో నిలిచిపోతుంది.

ఈ వేడినీటి బుగ్గల్లోంచి ఏటా ఎంత నీరు పోతుందో మీటరు పెట్టి కొలవలేం. చీలికల నుంచి బయటపడే వేడిని బట్టి వెనక్కి లెక్కగడతారు. చిక్కంతా అక్కడే. ఆ వేడిలో ఎక్కువ భాగం చీలికకు దూరంగా, చల్లారిన నేల పక్కల నుంచి, కాస్త వెచ్చని నీటితో పోతుంది. ఆ నీరు మెగ్నీషియాన్ని పూర్తిగా వదులుకోదు. అందుకే మొదట్లో ఈ బుగ్గలే మిగులంతా మింగుతాయనుకున్న శాస్త్రవేత్తలు తర్వాత వాటి వాటాను తగ్గించారు. ఎంతకు తగ్గించాలన్న వాదం ఇంకా సాగుతోంది.

ఇక జోలీ పట్టుకున్న సోడియానికి ఇన్ని తూములు లేవు. అందుకే అది కోట్ల ఏళ్లు నిలిచి ఇంతగా పేరుకుంది. నదులు తెచ్చే బంకమన్ను సముద్రంలో పడగానే తనలోని కాల్షియం వదిలి సోడియం పట్టుకుంటుంది. గోదావరి, కృష్ణలు మోసుకొచ్చే నల్లరేగడి మట్టి ఈ మారకంలో బాగా చురుకైనది. సముద్రగర్భపు బసాల్ట్ కూడా కొంత మింగుతుంది. అసలు పెద్ద తూము మాత్రం ఎప్పుడో గానీ తెరుచుకోదు. సుమారు 60 లక్షల ఏళ్ల కింద మధ్యధరా సముద్రానికి అట్లాంటిక్ దారి మూసుకుపోతూ వచ్చి, నీరు ఎండకు ఇగిరి, పది లక్షల ఘనపు కిలోమీటర్ల దాకా ఉప్పు, జిప్సం అడుగున గడ్డకట్టాయి. ప్రపంచ సముద్రాల ఉప్పులో సుమారు ఇరవయ్యో వంతు ఆ ఒక్కచోట, ఆరు లక్షల ఏళ్లలో, నేల కింద చేరింది. 1970లో గ్లోమార్ చాలెంజర్ నౌక డ్రిల్లింగు చేసినప్పుడు ఆ పొరలు బయటపడ్డాయి.

అలా గడ్డకట్టిన ఉప్పు పలుకుల్లో ఆనాటి నీటి బొట్లు చిక్కుకుపోయి ఉంటాయి. వేరే వేరే యుగాల రాతి ఉప్పులోని ఆ బొట్లను పరీక్షిస్తే పాత సముద్రం ఎలా ఉండేదో తెలుస్తుంది. ఉప్పదనం మరీ మారిపోలేదు గానీ పాళ్లు మారాయి. నేటి సముద్రంలో ఒక్కో కాల్షియం అయానుకు ఐదు మెగ్నీషియం అయాన్లు ఉన్నాయి. డైనోసార్లు తిరిగిన క్రెటేషియస్ కాలంలో అవి ఒకటి, రెండుకు మించలేదు. అప్పట్లో సముద్రపు నేల వేగంగా విడిపోతూ, వేడి రాయి మెగ్నీషియాన్ని ఎక్కువగా మింగి కాల్షియాన్ని ఎక్కువగా ఇచ్చిందన్నది ఎక్కువ మంది చెప్పే కారణం. ఇంగ్లండ్ దక్షిణ తీరంలోని తెల్లటి సుద్దకొండలు అలాంటి నీటిలో పెరిగిన సూక్ష్మజీవుల తొడుగులే.