పన్నెండు రోజులు గ్యాప్ వస్తే యాప్ ఏం చేయాలి? 140 ఏళ్ల కథ

ఈ ఎపిసోడ్ మా రూమ్మేట్ వల్ల వచ్చింది. వాడికి మాస్టర్స్‌కి జర్మనీ వెళ్లాలని. మేం కేపీహెచ్‌బీలో ఒకే రూమ్‌లో ఉన్నప్పుడు వాడి కోసం నేనొక చిన్న యాప్ రాశాను. జర్మన్ పదాల కార్డులు, రోజూ రాత్రి తొమ్మిదికి ఒక రిమైండర్. అంతే. రెండు నెలలు బాగా నడిచింది. తర్వాత సంక్రాంతికి వాడు ఊరెళ్లాడు. వెళ్లేటప్పుడు నాలుగు రోజులన్నాడు, పన్నెండు రోజులుండి వచ్చాడు.

వచ్చిన రాత్రి ఫోన్‌లో నా యాప్ ఇలా చూపించింది: "మీరు 12 రోజులు మిస్ అయ్యారు. 412 కార్డులు పెండింగ్." వాడు ఫోన్ నా ముందు పెట్టి, "మావా, నీ యాప్ ఏంట్రా అప్పిచ్చినోడిలా గుమ్మం ముందు కూర్చుంది" అన్నాడు. నేను నవ్వేశాను. తెల్లారి చూస్తే యాప్ లేదు. అన్‌ఇన్‌స్టాల్ చేసేశాడు. పరీక్షకి ఇంకా మూడు నెలలుంది, వాడు జర్మనే ఆపేశాడు.

తప్పు వాడిదా, నాదా? అప్పట్లో వాడిదే అనుకున్నాను. తర్వాత ఈ రిమైండర్ల చరిత్ర తవ్వితే, నాదేనని తేలింది. ఇంకా విచిత్రం ఏంటంటే, నా తప్పుకి జవాబు 1885లోనే ఉంది. అదీ జర్మనీలోనే.

హెర్మన్ ఎబింగ్‌హౌస్ అని ఒక జర్మన్ సైకాలజిస్ట్. జ్ఞాపకం మీద ప్రయోగాలు తన మీద తానే చేసుకున్నాడు. అర్థం లేని అక్షరాల ముక్కల్ని వరుసలుగా రాసుకోవడం, తప్పు లేకుండా అప్పజెప్పే వరకు బట్టీ పట్టడం, కొంత గ్యాప్ తర్వాత అదే వరుసని మళ్లీ బట్టీ పట్టడం. ఆయన పేరు చెప్పగానే అందరూ "మర్చిపోయే గ్రాఫ్" అంటారు. కానీ ఆయన కొలిచింది ఎంత మర్చిపోయాడు అని కాదు. రెండోసారి నేర్చుకునేటప్పుడు మొదటిసారి కంటే ఎంత శ్రమ తగ్గింది అని. అంటే మిగులు. నా మొత్తం ఎపిసోడ్ ఈ ఒక్క మాట మీదే నిలబడుతుంది.

ఆయన లెక్కలు చూడండి. ఒక గంట తర్వాత మిగులు 44 శాతం. ఒక రోజు తర్వాత 34. ఆరు రోజుల తర్వాత 25. మరి 31 రోజుల తర్వాత? 21 శాతం. ఇంకోసారి చూడండి. మొదటి గంటలోనే సగానికి పైగా పోయింది. కానీ ఆరో రోజు నుంచి ముప్పై ఒకటో రోజు దాకా, అంటే ఇరవై అయిదు రోజుల్లో, పోయింది నాలుగు శాతమే. ఒక్క మనిషి మీద, అర్థం లేని అక్షరాలతో చేసిన ప్రయోగం కాబట్టి మన జర్మన్ పదాలకి అవే అంకెలు వస్తాయని నేను చెప్పను. కానీ గ్రాఫ్ ఆకారం మాత్రం గుర్తుపెట్టుకోండి. పోయేదంతా మొదట్లోనే పోతుంది, తర్వాత అది దాదాపు సమంగా సాగుతుంది.

ఇప్పుడు నా యాప్ చేసిన పని చూడండి. "3 రోజులు మిస్, 8 రోజులు మిస్, 12 రోజులు మిస్" అని కౌంటర్ పెంచుకుంటూ పోయింది. రోజు రోజుకీ నష్టం అంతే పెరుగుతున్నట్టు. బుర్రలో జరిగేది అది కాదు. నేను రాసిన కౌంటర్ వినడానికి కఠినంగా ఉండటమే కాదు, లెక్క ప్రకారం కూడా తప్పు.

సరే, ఈ కౌంటర్ అసలు ఎక్కడి నుంచి వచ్చింది? 1972లో సెబాస్టియన్ లైట్నర్ అనే జర్నలిస్ట్ జర్మన్‌లోనే ఎలా నేర్చుకోవాలో ఒక పుస్తకం రాశాడు. అందులో ఒక పెట్టె ఉంటుంది, అయిదు అరలు. కొత్త కార్డు మొదటి అరలో వేస్తారు. సరిగ్గా చెబితే తర్వాతి అరకి వెళ్తుంది, తప్పు చెబితే మళ్లీ మొదటికి. మొదటి అర సెంటీమీటర్ వెడల్పు, చివరిది 14 సెంటీమీటర్లు. మొదటి అర రోజూ చూడాలి. మిగతా అరలు ఎప్పుడు చూడాలి? నిండినప్పుడు. తేదీ లేదు! మీరు ఊరెళ్లి పన్నెండు రోజులు రాకపోతే ఆ పెట్టెలో ఏమీ మారదు. ఎలా వదిలేశారో అలాగే ఉంటుంది. అట్టపెట్టె కదా, దానికి క్యాలెండర్ తెలియదు. డిజైనర్ కావాలని చేశాడో లేదో గానీ, ఆ పెట్టె ఎవరినీ తిట్టలేదు.

క్యాలెండర్ వచ్చింది కంప్యూటర్‌తో. 1987 డిసెంబర్‌లో పోలాండ్‌లో పియోటర్ వోజ్నియాక్ అనే స్టూడెంట్ సూపర్‌మెమో అనే ప్రోగ్రామ్ మొదటి వెర్షన్ రాశాడు. అందులో వాడిన లెక్కని ఎస్ఎం-2 అంటారు. మొదటిసారి సరిగ్గా చెబితే ఒక రోజు తర్వాత, రెండోసారి ఆరు రోజుల తర్వాత, ఆ పైన ప్రతిసారీ ముందున్న గ్యాప్‌ని ఒక నంబర్‌తో గుణించాలి. ఆ నంబర్ 2.5 దగ్గర మొదలవుతుంది. చాలా అందమైన ఐడియా. ఆ తర్వాత వచ్చిన చాలా కార్డుల యాప్‌లకి ఇదే పునాది. కానీ ఇక్కడ ప్రతి కార్డుకీ ఒక గడువు తేదీ వచ్చింది. గడువు వచ్చిందంటే బాకీ కూడా వచ్చినట్టే.

ఎస్ఎం-2లో ఇంకో ఇబ్బంది ఉంది. మీరు ఆలస్యంగా వచ్చిన సంగతి దానికి పట్టదు. ఒక కార్డు గ్యాప్ 10 రోజులు అనుకోండి. మీరు పదో రోజు రాలేదు, ముప్పయ్యో రోజు వచ్చారు. అయినా ఆ పదం గుర్తుంది. ఎస్ఎం-2 ఏమంటుంది? పది ఇంటూ రెండున్నర, ఇంకో 25 రోజుల తర్వాత రండి అంటుంది. అరే, ఇప్పుడే 30 రోజులు గుర్తుపెట్టుకుని చూపించాను కదయ్యా!

2006లో వచ్చిన ఆంకీ అనే ఫ్రీ ప్రోగ్రామ్ ఇక్కడ ఒక చిన్న మార్పు చేసింది. నాకు ఈ చరిత్ర మొత్తంలో బాగా నచ్చిన లైన్ ఇదే. మీరు ఆలస్యంగా వచ్చి కూడా "బాగానే గుర్తుంది" అని నొక్కితే, ఆలస్యంలో సగం మీ ఖాతాలో కలుపుతుంది. మన కార్డుకి ఆలస్యం 20 రోజులు, అందులో సగం 10. పాత పదికి ఇది కలిపితే 20, ఇంటూ రెండున్నర, 50 రోజులు. అంటే మానేసిన రోజులు శిక్ష కాలేదు, పరీక్ష అయ్యాయి. మీరు పాసయ్యారు కాబట్టి మార్కులు పడ్డాయి. 2023లో ఆంకీలోకి వచ్చిన ఎఫ్ఎస్ఆర్ఎస్ అనే కొత్త లెక్క నిజంగా ఎన్ని రోజులు గడిచాయో అదే నేరుగా తీసుకుంటుంది.

లోపలి లెక్కలు ఇలా మెత్తబడుతున్న కాలంలోనే బయట నోటిఫికేషన్లు మాత్రం గట్టిపడ్డాయి. స్ట్రీక్‌లు వచ్చాయి. గిట్‌హబ్‌లో వరసగా ఎన్ని రోజులు కోడ్ పెట్టారో చూపించే కౌంటర్ ఉండేది, 2016లో తీసేశారు. డ్యూలింగో పచ్చ గుడ్లగూబ సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు, మీమ్స్ మీరే పంపుతుంటారు. కానీ వాళ్ల ఇంజినీర్లే 2020లో ఒక పేపర్ ప్రచురించారు. సారాంశం ఇది: ఒకే మెసేజ్ మళ్లీ మళ్లీ పంపితే దాని పదును పోతుంది, కొన్నాళ్లు పక్కన పెడితే మళ్లీ కోలుకుంటుంది. అందుకని ఈమధ్యే వాడిన మెసేజ్‌కి మార్కులు తగ్గించి, రోజులు గడిచేకొద్దీ ఆ తగ్గింపుని కరిగించారు.

ఇదంతా చదివాక నా యాప్ మళ్లీ తెరిచాను. మొదటి గొడవ అలారంలోనే ఉంది. నేను "రోజూ తొమ్మిదికి" అని రిపీట్ అలారం పెట్టాను. మనిషి వచ్చాడా లేదా అని ఆ అలారానికి తెలియదు, మోగుతూనే ఉంటుంది. దాన్ని తీసేసి ఇలా చేశాను. యాప్ తెరిచిన ప్రతిసారీ పాతవన్నీ రద్దు చేసి, ముందుకి నాలుగే పెట్టడం:

```
cancelAll()
for (gap in listOf(1, 3, 7, 15)) {
    schedule(today + gap)
}
```

రోజూ వచ్చేవాడికి రోజుకి మహా అయితే ఒకటే మోగుతుంది, ఎందుకంటే మిగతావి మోగేలోపే రద్దయిపోతాయి. రానివాడికి రిమైండర్లు దూరం జరుగుతూ పోయి, పదిహేనో రోజు తర్వాత పూర్తిగా ఆగిపోతాయి. మళ్లీ ఒక్కసారి తెరిస్తే మొదటి నుంచి మొదలు. సర్వర్ అక్కర్లేదు, నెట్ అక్కర్లేదు. ఒక జాగ్రత్త మాత్రం ఉంది. ఆండ్రాయిడ్‌లో ఫోన్ ఆపి ఆన్ చేస్తే ఈ అలారాలు చెరిగిపోతాయి, ఆన్ అవగానే మళ్లీ పెట్టించుకోవాలి. నేను మొదట ఇది మర్చిపోయి, నా మెత్తని డిజైన్ వల్లే నిశ్శబ్దం వచ్చిందని రెండు వారాలు మురిసిపోయాను.

రెండోది ఆ 412. కార్డుకి ఎనిమిది సెకన్లు వేసుకున్నా దాదాపు 55 నిమిషాలు. వాడి రోజువారీ టైమ్ పావుగంట కూడా కాదు. అందుకని తిరిగొచ్చిన వాళ్లకి రోజుకి 40 కార్డుల హద్దు పెట్టాను, పాత కుప్ప తగ్గే వరకు కొత్త పదాలు ఆపేశాను. తిరిగి వచ్చే కార్డులు రోజుకి ఇరవై ఉన్నా, కుప్ప మూడు వారాల్లో తీరిపోతుంది. స్క్రీన్ మీద 412 అనే అంకె కనపడదు.

మరి ఏ నలభై ముందు? నేను మొదట బాగా ఆలస్యమైనవి ముందు పెట్టాను, అదే న్యాయం అనిపించింది. నేనే ట్రై చేస్తే వరసగా పదిహేను తప్పులు. ఎందుకంటే మూడు రోజుల గ్యాప్ కార్డు పన్నెండు రోజులు ఆలస్యమైతే అది దాదాపు పోయినట్టే. అరవై రోజుల గ్యాప్ కార్డుకి పన్నెండు రోజులు లెక్కే కాదు. అందుకని ఆలస్యాన్ని గ్యాప్‌తో భాగించి, తక్కువ వచ్చినవి ముందు చూపించాను. ఇంకా గుర్తున్నవి జారిపోకుండా పట్టుకోవచ్చు, మొదటి రోజే సరైన జవాబులు కూడా వస్తాయి. ఎలాగూ పోయినవి ఇంకో వారం ఆగితే పెద్దగా నష్టం లేదు. ఎబింగ్‌హౌస్ గ్రాఫ్ చివర ఎలా ఉందో చూశాం కదా.

ఇది పనిచేస్తోందని ఎలా తెలుస్తుంది? నోటిఫికేషన్ ఎంతమంది నొక్కారు అని చూడకండి. తిట్టినా నొక్కుతారు, తెరిచి 412 చూసి మూసేస్తారు. వారం పైన మానేసి తిరిగొచ్చిన వాళ్లలో, మర్నాడు కూడా వచ్చినవాళ్లు ఎంతమంది? అది చూడండి.

అన్నట్టు, దీన్ని మందుల రిమైండర్‌కి ఇలాగే కాపీ కొట్టకండి. జర్మన్ పదం పదిహేను రోజులు ఆగుతుంది, బీపీ టాబ్లెట్ ఆగదు. అక్కడ రిమైండర్లు తగ్గించుకుంటూ పోవడం ప్రమాదం. మిస్ అయిన డోసుల్ని పెండింగ్ అని కుప్పగా చూపించడం ఇంకా ప్రమాదం, ఎవరో ఒకరు రెండూ కలిపి వేసుకుంటారు. మానేశాక మళ్లీ ఎలా మొదలుపెట్టాలో డాక్టర్ చెప్పాలి, యాప్ కాదు.

కొత్త వెర్షన్ మావాడి ఫోన్‌లో నేనే బతిమాలి వేయించాను. మార్చిలో మళ్లీ తొమ్మిది రోజులు మానేశాడు, వాళ్ల అక్క పెళ్లి. తిరిగొచ్చాక వాడికి కనపడింది: "ఈరోజు 40 పదాలు. తెలిసినవాటితో మొదలుపెడదాం." మంచం మీద పడుకునే ముప్పై ఒకటి చేశాడు. తొమ్మిది వదిలేసి, "మిగతావి రేపు చూస్తా, ఏమీ అనదు కదా ఇది?" అన్నాడు.

అనదు రా, పడుకో అన్నాను.