38.67: ఒక అంకె పుట్టుపూర్వోత్తరాలు

మిల్లీగ్రాముల్లో ఉండే మన దేశపు కొలెస్టెరాల్ రిపోర్టును మిల్లీమోళ్లలో ఉండే బ్రిటన్ లేదా ఆస్ట్రేలియా రిపోర్టు పక్కన పెట్టి చూడాలంటే 38.67 అనే అంకె కావాలి. భాగహారం చేయడానికి క్యాలిక్యులేటర్ తీస్తాం. దాని తెర మీద నల్లగా తేలే అంకెలు ద్రవస్ఫటికాల చలవ. ఆ అంకెకీ ఈ తెరకీ పుట్టిల్లు ఒకటేనని తెలిసినప్పుడు నాకు కలిగిన సంబరం ఇంతా అంతా కాదు. 1888లో ప్రాగ్ నగరంలో ఫ్రెడరిక్ రైనిట్జర్ కొలెస్టెరాల్ మీద ఒక వ్యాసం ప్రచురించాడు. కొలెస్టెరాల్ సరైన అణుసూత్రం అందులోనే ఉంది. ద్రవస్ఫటికాల కథ మొదలైందీ ఆ వ్యాసంతోనే.

కొలెస్టెరాల్ అంతకు చాలా ముందే మనుషుల కంటబడింది. 18వ శతాబ్దంలో ఫ్రాన్సులో పిత్తాశయపు రాళ్లలో దొరికింది. 19వ శతాబ్దం తొలినాళ్లలో రసాయన శాస్త్రవేత్త షెవ్రోల్ దానికి పేరు పెట్టాడు. ఆ తర్వాత చాలాకాలం రసాయన గ్రంథాల్లో దాని సూత్రం C26H44O అని ఉండేది. అంటే ఒక కార్బన్, రెండు హైడ్రోజన్ పరమాణువులు తక్కువ.

రైనిట్జర్ మొక్కల మనిషి. క్యారెట్ దుంపలో కొలెస్టెరాల్‌ను పోలిన పదార్థం ఒకటి ఉందని దాని వెంట పడ్డాడు. రెండిటినీ పోల్చాలంటే ముందు కొలెస్టెరాల్ అసలు లెక్క తేలాలి. అందుకని దాని నుంచి రకరకాల సమ్మేళనాలు తయారుచేసి, ఒక్కొక్కదాన్నీ విశ్లేషించి C27H46O అని తేల్చాడు. ఆ సమ్మేళనాల్లో ఒకటైన కొలెస్టెరిల్ బెంజోయేట్‌ను వేడిచేస్తే 145.5 డిగ్రీల దగ్గర కరిగి, మసకగా, పాలలా ఉండిపోయింది. 178.5 డిగ్రీలకు చేరాకే తేటబడింది. ఒకే పదార్థానికి రెండు ద్రవీభవన స్థానాలేమిటి? కల్తీ అనుకుని వదిలేయవచ్చు. ఆయన వదల్లేదు. ఆ ఏడు మార్చి 14న భౌతిక శాస్త్రవేత్త ఓటో లేమన్‌కు ఉత్తరం రాసి నమూనాలు పంపాడు. సూక్ష్మదర్శిని కింద చూసిన లేమన్ ఇవి పారే స్ఫటికాలన్నాడు. ఈనాటి తెరల్లో వాడేది వేరే పదార్థాలే గానీ గుణం అదే.

ఇక మన అంకె. 27 కార్బన్లు, 46 హైడ్రోజన్లు, ఒక ఆక్సిజన్ బరువులు కూడితే 386.66 వస్తుంది. అంటే ఒక మిల్లీమోల్ కొలెస్టెరాల్ 386.66 మిల్లీగ్రాములు తూగుతుంది. మిల్లీమోల్ లెక్క లీటరుకు, మిల్లీగ్రాముల లెక్క డెసిలీటరుకు, అంటే లీటరులో పదో వంతుకు. కాబట్టి పదితో భాగిస్తే 38.67. పాత సూత్రమే నిలిచి ఉంటే మనం 37.3తో భాగిస్తూ ఉండేవాళ్లం. ఇంకో విశేషం చూడండి. స్టెరాల్స్ మీద పనికి 1928లో రసాయన శాస్త్రవేత్త విండాస్‌కు నోబెల్ ఇచ్చినప్పుడు అందరూ నమ్మిన కొలెస్టెరాల్ నిర్మాణం తప్పు. 1932లో గానీ అది సరికాలేదు. పరమాణువుల అమరిక మారింది, సంఖ్య మారలేదు. రైనిట్జర్ లెక్క చెక్కుచెదరలేదు.

మరి బరువు లెక్క మన రిపోర్టుల్లో ఎలా పాతుకుపోయింది? 20వ శతాబ్దం మొదట్లో రక్తపరీక్ష అంటే రంగులు పోల్చడం. ఎసిటిక్ అన్‌హైడ్రైడ్, సల్ఫ్యూరిక్ ఆమ్లం కలిపితే కొలెస్టెరాల్ పచ్చరంగు తేలుతుంది. త్రాసులో తూచి కలిపిన ప్రమాణ ద్రావణం ఒక పక్క, రోగి రక్తం నుంచి తీసింది మరో పక్క పెట్టి రంగు చిక్కదనం చూసేవారు. తూచిన దానితో పోల్చారు గనుక జవాబూ బరువులోనే వచ్చేది: 100 సీసీలకు ఇన్ని మిల్లీగ్రాములని. ఈ విద్యకు హార్వర్డ్‌లో ఓటో ఫోలిన్ నడిపిన జీవరసాయన విభాగం పెద్ద కేంద్రం. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అక్కడ పనిచేసినవాడే. 1925లో సైరస్ ఫిస్క్‌తో కలిసి ఆయన ప్రచురించిన భాస్వరం పరీక్ష కూడా రంగు పోల్చేదే, నీలిరంగు. మన రిపోర్టుల్లోని మిల్లీగ్రాముల వెనక ఆ తరం పనితనం ఉంది. చిక్కదనం చూసి నమూనా బాగోగులు పసిగట్టే ఆ కన్ను యంత్రాలొచ్చాక పోయింది. నాకది నష్టంగానే కనిపిస్తుంది.

1970లలో బ్రిటన్ మోల్ లెక్కకు మారింది. 1977లో ప్రపంచ ఆరోగ్య సభ అందరినీ మారమంది. అమెరికా వైద్య పత్రికలు కొన్నాళ్లు ప్రయత్నించాయి. న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ 1992లో వెనక్కి తగ్గింది. మనం బరువు దగ్గరే ఉండిపోయాం.

అశ్వారావుపేటలో ఆయిల్‌పామ్ తోట ఉన్న మా బాబాయి మెల్‌బోర్న్‌లోని కూతురి దగ్గర కొన్నాళ్లుండి వచ్చాడు. "ఇక్కడ రెండొందల పన్నెండు ఉన్న కొలెస్టెరాల్ అక్కడ ఐదుకి దిగిందిరా" అన్నాడు. రెండు కాగితాలూ ముందు పెట్టుకున్నాం. వెళ్లే ముందు ఇక్కడి రిపోర్టు: మొత్తం 212, హెచ్‌డీఎల్ 42, ట్రైగ్లిజరైడ్లు 180, ఎల్‌డీఎల్ 134. అక్కడిది: 5.3, 1.1, 2.6, 3.0. మొదటి అంకెను 38.67తో హెచ్చిస్తే 205. ఇంత చిన్న తేడా ఒకే మనిషిలో వారం వారానికీ వస్తూనే ఉంటుంది. హెచ్‌డీఎల్ 43. అదీ ఉన్నచోటే ఉంది.

చిక్కంతా మూడో అంకెతో. వాళ్లమ్మాయి 2.6ను కూడా 38.67తోనే హెచ్చించి నూరు రాసింది. 180 నుంచి నూరుకు దిగిందని అందరూ సంతోషించారు. కానీ ట్రైగ్లిజరైడ్ వేరే అణువు, రెండింతలకు మించి బరువు. దాని అంకె 88.57. సరిగా లెక్కిస్తే 230. తగ్గలేదు, పెరిగింది.

ఈ 88.57 కూడా ఒప్పందపు అంకే. రక్తంలోని ట్రైగ్లిజరైడ్లన్నీ ఒక్క బరువువి కావు. ఏ కొవ్వు ఆమ్లాలు అతుక్కున్నాయన్న దాన్ని బట్టి మారతాయి. అందుకని ట్రైఓలీన్ బరువుకు దగ్గరైన 885.7ను అన్నిటికీ ఆపాదించారు. ఇప్పటి యంత్రం ఎంజైముతో వాటిని విడగొట్టి, వచ్చిన గ్లిజరాల్‌ను కొలుస్తుంది. అంటే అది లెక్కపెట్టేది అణువులనే. ఇక్కడ మిల్లీమోలే అసలు కొలత, మిల్లీగ్రాములు ఊహించి వేసిన బరువు. కొలెస్టెరాల్‌కు ఆ బాధ లేదు. రక్తంలో చాలా భాగం కొవ్వు ఆమ్లంతో జతకట్టి ఉన్నా, ముందే ఆ జతను విడదీసి కొలెస్టెరాల్‌నే కొలుస్తారు. హెచ్‌డీఎల్, ఎల్‌డీఎల్‌లకూ అదే 38.67 చెల్లేది అందుకే.

ఎల్‌డీఎల్ 3.0 అంటే 116. ఇది 134 కంటే తక్కువే, కానీ ఇందులోనూ మెలిక ఉంది. చాలా ల్యాబుల్లో ఎల్‌డీఎల్‌ను కొలవరు, 1972 నాటి ఫ్రీడ్‌వాల్డ్ సూత్రంతో లెక్కగడతారు. మొత్తంలోంచి హెచ్‌డీఎల్‌నూ, ట్రైగ్లిజరైడ్లలో ఐదో వంతునూ తీసేస్తారు: 212లోంచి 42, 36 పోతే 134. మిల్లీమోల్ రిపోర్టులో ఐదుకు బదులు 2.2తో భాగించాలి. బాబాయి రెండో రిపోర్టులో 2.6ను 2.2తో భాగిస్తే 1.2 వస్తుంది. 5.3లోంచి అదీ, హెచ్‌డీఎల్ 1.1 కూడా పోగా 3.0 మిగిలింది. ట్రైగ్లిజరైడ్లు పెరిగిన కొద్దీ ఎక్కువ తీసివేస్తాం గనుక ఎల్‌డీఎల్ తగ్గినట్టు కనిపిస్తుంది. బాబాయికి తగ్గిన దానిలో సగానికి పైగా అలా వచ్చిందే. ట్రైగ్లిజరైడ్లు 400 మిల్లీగ్రాములు, అంటే 4.5 మిల్లీమోల్ దాటితే ఈ సూత్రాన్ని నమ్మకూడదు.

మెల్‌బోర్న్‌లో పొద్దున్నే ఇడ్లీ తిన్నాకే రక్తమిచ్చానని బాబాయి అప్పుడు చెప్పాడు. తిన్నాక ట్రైగ్లిజరైడ్లు పెరుగుతాయి. పరగడుపున ఇంకోసారి, ఇక్కడే, మొదటిసారి ఇచ్చిన ల్యాబులోనే ఇమ్మన్నాను. ఆ రెండిటినీ పోల్చడానికి ఏ అంకెతోనూ హెచ్చించే పనుండదు.