వావివరుసలు: నల్లగొండ, పాలమూరు బంధువాచకాలకు చైనా బంధువాచకాలతో పోలిక

బంధువాచకాల చర్చలో ఆంగ్లానికి ఎదురుగా చైనా భాషను నిలపడం పరిపాటి. ఆంగ్లంలో తండ్రి సోదరులు, తల్లి సోదరులు, మేనత్త భర్త, పెద్దమ్మ భర్త అందరూ 'అంకుల్' అనే ఒక్క మాటలో ఇమిడిపోతారు. వారి పిల్లలందరూ 'కజిన్' అవుతారు. చైనా భాషలో తండ్రి అన్న 'బో', తండ్రి తమ్ముడు 'షూ', తండ్రి సోదరి 'గూ', తల్లి సోదరుడు 'జియు', తల్లి సోదరి 'యీ'. ఈ భేదాలను చూసి చైనా భాష తల్లివైపు వారిని, తండ్రివైపు వారిని వేరుచేస్తుందని చెబుతారు. తెలుగు కూడా అటువంటిదేనని అక్కడే చేర్చడం కద్దు. ఈ చేర్పు ఎంతవరకు నిలుస్తుందో ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల వాడుక ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఈ ప్రాంతపు వాడుకలో తండ్రి అన్న పెద్దనాయన లేదా పెద్దబాపు, తండ్రి తమ్ముడు చిన్నాయన లేదా కాక. వారి భార్యలు పెద్దమ్మ, చిన్నమ్మ. తల్లి అక్కచెల్లెళ్లు కూడా పెద్దమ్మ, చిన్నమ్మలే. వారి భర్తలు తిరిగి పెద్దనాయన, చిన్నాయనలే. అంటే తండ్రి సోదరుని భార్యకూ తల్లి సోదరికీ పేరు ఒక్కటే. అదే విధంగా తల్లి సోదరుడు మామ, అతని భార్య అత్త. తండ్రి సోదరి అత్త, ఆమె భర్త మామ. ఈ మాటలలో ఏ ఒక్కటీ తల్లివైపుకో తండ్రివైపుకో పరిమితమైనది కాదు. అత్తామామలు రెండు వైపులా ఉన్నారు, పెద్దమ్మలూ చిన్నమ్మలూ రెండు వైపులా ఉన్నారు. నిజమైన మేనమామను, మేనత్తను ప్రత్యేకించి చెప్పవలసినప్పుడు మాత్రమే 'మేన' అనే పూర్వపదం ముందుకు వస్తుంది.

కనుక తెలుగు గీసిన గీత మరొకచోట ఉంది. తల్లిదండ్రులతో వారి తోబుట్టువులకు గల లింగసామ్యమే ఆ గీతకు ఆధారం. తండ్రికి సోదరుడైనవాడు మరో తండ్రి, తల్లికి సోదరి అయినది మరో తల్లి. వారి పిల్లలు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు. తండ్రికి సోదరి అయినది అత్త, తల్లికి సోదరుడైనవాడు మామ. వారి పిల్లలు బావలు, బామ్మర్దులు, వదినెలు, మరదళ్లు. మొదటి వర్గంతో పెండ్లి ఊహకు కూడా అందదు, రెండవ వర్గంతో పెండ్లి మేనరికం. సంబంధం చూసేటప్పుడు పెద్దలు మొదట అడిగే 'వరుస కలుస్తుందా' అనే ప్రశ్న ఈ గీతను గురించినదే. పెండ్లితో ఏర్పడే బంధుత్వానికి కూడా ఇవే మాటలు చాలుతాయి. భర్త తండ్రి మామ, భర్త తల్లి అత్త. సోదరి కొడుకు మేనల్లుడు, కూతురి భర్త అల్లుడు. సోదరి కూతురు మేనకోడలు, కొడుకు భార్య కోడలు. పెండ్లికి ముందున్న బంధుత్వానికీ పెండ్లి తర్వాతి బంధుత్వానికీ ఒకే పదజాలం ఉండటం మేనరికం నియమంగా నిలిచిన సమాజపు లక్షణం.

చైనా పదాలను ఈ గీటురాయిపై పెట్టి చూడటానికి పద్దెనిమిదవ శతాబ్దంలో త్సావ్ షుయెచిన్ రచించిన 'ఎర్ర మేడ కల' నవలలోని ముగ్గురి సంబంధం చక్కగా ఉపకరిస్తుంది. కథానాయకుడు బావోయు. లిన్ దైయు అతని తండ్రి సోదరి కూతురు. షుయె బావోచాయ్ అతని తల్లి సోదరి కూతురు. చైనా వాడుకలో వీరిద్దరూ అతనికి 'బియావ్' వర్గపు సోదరీమణులే. తండ్రి సోదరుల పిల్లలను మాత్రమే ఆ భాష 'థాంగ్' అంటుంది. థాంగ్ అంటే ఇంటి నడిమి సావడి, బియావ్ అంటే వెలుపలిది. ఒకే వంశనామం గల వారు సావడిలోని వారు, ఇతర వంశనామం గల వారు వెలుపలి వారు. అవసరమైనప్పుడు మేనత్త వైపు బియావ్, పినతల్లి వైపు బియావ్ అని విడదీసి చెప్పే వీలున్నా, వర్గం మాత్రం ఒక్కటే. నవల చివరి భాగంలో పెద్దలు బావోయుకు బావోచాయ్‌నిచ్చి పెండ్లి చేస్తారు, దైయు మరణిస్తుంది.

ఈ కథను నల్లగొండ పల్లెలోని వరుసలలో చెప్పుకుంటే చిక్కు వెంటనే తెలుస్తుంది. దైయు అతనికి సాక్షాత్తు మేనమరదలు. బావోచాయ్ చిన్నమ్మ కూతురు, వయసులో పెద్దది, కనుక అక్క. మరదలిని కాదని అక్కతో పెండ్లి జరిపించిన కథగా అది మారుతుంది. చైనా పాఠకునికి ఆ విషాదం ప్రేమభంగంలో ఉంది. తెలుగు వరుసలలో అది వావి తప్పిన పెండ్లి. మాయాబజార్ కథలో అభిమన్యునికి మేనమామ బలరాముని కూతురు శశిరేఖ దక్కడం న్యాయమని ప్రేక్షకులు ఏ వివరణా లేకుండా అంగీకరించడం ఈ వరుస బలం చేతనే. వ్యాసభారతంలో లేని ఆ పెండ్లికథ దక్షిణాదిన ప్రాచుర్యం పొందింది.

వంశనామ నియమం తెలుగులోనూ లేకపోలేదు. ఒకే ఇంటిపేరు గలవారు పరస్పరం పెండ్లాడరు. ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా అమ్రాబాద్ పీఠభూమిలోని చెంచులను పరిశీలించి ఫ్యూరర్ హైమెండార్ఫ్ 1943లో ప్రకటించిన గ్రంథంలో కూడా వంశాల మధ్య ఈ నిషేధం కనిపిస్తుంది. అయితే ఇంటిపేరు నియమం ఒక్కటే వరుసను వివరించలేదు. చిన్నమ్మ పిల్లల ఇంటిపేరు వేరైనా వారు తోబుట్టువులే. చైనాలో వంశనామం నిర్ణయించే చోట తెలుగులో వరుస నిర్ణయిస్తుంది. రెండు పద్ధతులనూ విడదీసి గుర్తించడానికి తల్లి సోదరి కొడుకును ఏమని పిలుస్తారన్న ఒక్క ప్రశ్న సరిపోతుంది. అతడు సోదరుడైతే తెలుగు పద్ధతి, వెలుపలివాడైతే నేటి చైనా పద్ధతి.

నేటి చైనా పద్ధతి అని ప్రత్యేకించి అనడానికి చారిత్రక కారణం ఉంది. చైనా ప్రాచీన నిఘంటువు 'ఎర్యా'లో బంధువాచకాలకు ఒక అధ్యాయమే కేటాయించారు. అందులో 'జియు' అంటే తల్లి సోదరుడు, భర్త తండ్రి కూడా. 'గూ' అంటే తండ్రి సోదరి, భర్త తల్లి కూడా. ఇవి అక్షరాలా తెలుగు మామ, అత్త. ఆ నిఘంటువు 'షెంగ్' అనే మాటను మేనత్త కొడుకుకు, మేనమామ కొడుకుకు, భార్య సోదరునికి, సోదరి భర్తకు సమానంగా చెబుతుంది. తెలుగులో ఆ నలుగురూ బావాబామ్మర్దులు. తల్లి సోదరి పేరులో తల్లి అనే పదం ఉంది, ఆమె కొడుకుల పేరులో అన్నదమ్ములనే పదం ఉంది. చైనా బంధువాచకాల చరిత్రను 1937లో ప్రకటించిన ఫెంగ్ హాన్‌యి ఈ అర్థసామ్యానికి ప్రాచీన మేనరికమే కారణమని నిర్ణయించాడు. తర్వాతి కాలంలో భార్య సోదరికి చెప్పే 'యీ' అనే మాట తల్లి సోదరికి కూడా విస్తరించింది, అత్తమామలకు వేరే పదాలు వచ్చాయి, పినతల్లి పిల్లలు వెలుపలి వర్గంలో చేరారు. కాబట్టి పల్లె తెలుగుతో సాటిరాగలిగిన చైనా భాష ఎర్యా నాటిది. 1871లో అమెరికా పండితుడు మోర్గన్ తమిళ, తెలుగు, కన్నడ, చైనా పదాలను ఒకే గ్రంథంలోని పట్టికలలో చేర్చినప్పుడు ఆయన ముందున్నది మారిపోయిన చైనా పదజాలం.

తెలుగు పద్ధతిలోనూ సరిపడని చోటు ఒకటి ఉంది. అక్క కూతురిని పెండ్లాడటం ఈ ప్రాంతంలో ఆచారంగా ఉంది. అప్పుడు వరునికి సొంత అక్క అత్త అవుతుంది, వధువుకు అమ్మమ్మ అత్త అవుతుంది. ఒకే తరం వారిని జతచేసే బావ, మరదలు అనే లెక్క ఇక్కడ పనిచేయదు. అయినా పల్లె వ్యవహారంలో గందరగోళం ఉండదు. పెండ్లి తర్వాతి వరుసను కొత్తగా లెక్కించుకుంటారు, పుట్టింటివారు పాత పిలుపునే కొనసాగించడం కూడా ఉంటుంది. తరాన్ని దాటిన పెండ్లిని కూడా ఇముడ్చుకోవడానికి కారణం మామ అనే మాటలోనే ఉంది. ఆ మాట స్త్రీకి పెండ్లికి తగిన వైపునే సూచిస్తుంది.

అరువు వచ్చిన మాటలు ఈ వ్యవస్థను ఏం చేస్తాయన్నది తర్వాతి ప్రశ్న. నిజాం రాజ్యపు బహుభాషా వాతావరణంలో తండ్రి తమ్మునికి కాక అనే మాట ఈ జిల్లాలలో స్థిరపడింది. అయినా కాక భార్య చిన్నమ్మగానే ఉంది, కాక కొడుకు తమ్ముడో అన్నో అయ్యాడు. మాట మారింది, స్థానం చెక్కుచెదరలేదు. అంకుల్, ఆంటీ, కజిన్ అనే మాటల తీరు వేరు. చిన్నాయన, మామ ఇద్దరూ అంకుల్ అయిన చోట గీతే చెరిగిపోతుంది. కజిన్ అని పరిచయం చేసిన వ్యక్తిని గురించి మేనబావనా, చిన్నమ్మ కొడుకా అని మళ్లీ అడగవలసి వస్తుంది. 'కజిన్ బ్రదర్' అనే జంటపదం ఆ లోటును పూడ్చడానికి ఇక్కడి వారు చేసుకున్న ఏర్పాటు. అది కూడా మేనబావకు చెల్లదు.

చట్టం భాష కూడా ఆంగ్ల లెక్కనే అనుసరించింది. 1955 నాటి హిందూ వివాహ చట్టం నిషిద్ధ సంబంధాలను చెబుతూ అన్నాచెల్లెళ్ల పిల్లలను, ఇద్దరు అన్నదమ్ముల పిల్లలను, ఇద్దరు అక్కచెల్లెళ్ల పిల్లలను ఒకే వరుసలో నిలిపింది. మేనమామ, మేనకోడలు కూడా ఆ జాబితాలోనే ఉన్నారు. ఆచారం అనుమతిస్తే మాత్రం మినహాయింపు ఉంది. మేనత్త కూతురిని, మేనమామ కూతురిని పెండ్లాడటాన్ని దక్షిణాది ఆచారంగా బౌధాయన ధర్మసూత్రం ఏనాడో పేర్కొన్నది. చైనాలో 1950 నాటి వివాహ చట్టం దాయాది సంబంధాలలో కొన్నింటిని ఆచారానికి వదిలివేయగా, 1980 చట్టం మూడు తరాల లోపలి రక్తబంధువుల పెండ్లిని పూర్తిగా నిషేధించింది. రక్తపు లెక్కలో మేనబావ, చిన్నాయన కొడుకు సమాన దూరంలోనే ఉంటారు. తెలుగు వరుస ఆ లెక్కను అనుసరించదు. సమాన రక్తదూరంలో ఉన్న ఇద్దరిలో ఒకరిని తోబుట్టువు అని, మరొకరిని బావ అని అది వేరుచేస్తుంది.

కాబట్టి తెలుగు బంధువాచకాలు తల్లివైపు, తండ్రివైపు వారిని వేరుచేస్తాయన్న వాక్యం నిఘంటువులలో, పాఠ్యగ్రంథాలలో ఎక్కడ కనిపించినా సవరించుకోవలసినదే. బంధువాచకాలకు అర్థం చెప్పేటప్పుడు మామ అంటే తల్లి సోదరుడు అని మాత్రమే రాస్తే మేనత్త భర్త, భర్త తండ్రి, భార్య తండ్రి బయట ఉండిపోతారు. ఆ నలుగురినీ కలిపి చెప్పిన నిర్వచనమే నల్లగొండ, పాలమూరు పల్లెలలో ఆ మాటకున్న అర్థాన్ని పూర్తిగా అందిస్తుంది.