ఫజీ తర్క నియంత్రణ

ఫజీ తర్క నియంత్రణ అంటే యంత్రాన్ని సమీకరణాలతో కాకుండా ‘వేడిగా, ఉక్కగా ఉంటే ఫ్యాను వేగంగా తిరగాలి’ వంటి మాటల నియమాలతో నడిపే పద్ధతి. పేరులో అస్పష్టత ఉన్నా యంత్రం చేసే పనిలో అస్పష్టత ఏమీ ఉండదు. లోపలికి వచ్చేది కచ్చితమైన కొలత, బయటికి పోయేదీ కచ్చితమైన అంకే. మాటలు పనిచేసేది ఆ రెంటి మధ్యనే. కొలతను మాటల్లోకి మార్చేవి సభ్యత్వ ప్రమేయాలు. మాట నుంచి మాటకు దారి చూపేవి నియమాలు. చివరికి మాటలను మళ్లీ ఒక్క అంకెగా మార్చే మెట్టు డీఫజిఫికేషన్.

పుట్టుక

‘అవును’, ‘కాదు’ కాక మూడో విలువ ఉండే తర్కాన్ని పోలండుకు చెందిన యాన్ లుకాసివిచ్ 1920లోనే ప్రతిపాదించాడు. మాక్స్ బ్లాక్ 1937లో అస్పష్టమైన పదాల గురించి తాత్వికంగా చర్చించాడు. అయితే వీటిని లెక్కకు లొంగే పనిముట్టుగా మలిచినవాడు లోట్ఫీ జాదే. 1921లో బాకూలో పుట్టి, టెహ్రాన్‌లో పెరిగి, అమెరికా వెళ్లి బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ బోధించాడు. ‘ఫజీ సెట్స్’ అనే ఆయన వ్యాసం 1965లో వెలువడింది. మామూలు సమితిలో ఒక మూలకం ఉంటుంది, లేదా ఉండదు. జాదే సమితిలో మూలకానికి 0 నుంచి 1 వరకు ఎంతైనా సభ్యత్వం ఉండవచ్చు.

దీన్ని సంభావ్యతగా పొరబడేవారు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. ఒక గది ‘వేడి’ సమితిలో 0.6 సభ్యత్వం కలిగి ఉందంటే, అది వేడిగా ఉండే అవకాశం వందలో అరవై అని అర్థం కాదు. ఉష్ణోగ్రత ఎంతో మనకు కచ్చితంగా తెలుసు. ఆ ఉష్ణోగ్రతకు ‘వేడి’ అనే మాట ఎంతవరకు తగుతుందన్నదే ఆ 0.6 చెబుతుంది.

1965 వ్యాసం నియంత్రణ గురించి రాసింది కాదు. ‘అయితే’ నియమాలనూ, మాటలనే విలువలుగా తీసుకునే చరరాశులనూ జాదే 1973లో వివరించాడు. దాన్ని చదివిన లండన్ క్వీన్ మేరీ కాలేజీ అధ్యాపకుడు ఇబ్రహీం మందానీ, తన విద్యార్థి సెడ్రాక్ అసీలియన్‌తో కలిసి ప్రయోగశాలలోని ఒక చిన్న ఆవిరి యంత్రాన్ని 24 నియమాలతో నడిపి చూశాడు. ఒక జట్టు నియమాలు బాయిలర్‌కు ఇచ్చే వేడిని, మరో జట్టు యంత్రం వేగాన్ని చూసుకున్నాయి. ఈ ప్రయోగ ఫలితాలు 1974, 1975 సంవత్సరాల్లో ప్రచురితమయ్యాయి. నేటికీ పాఠ్యపుస్తకాల్లో ‘మందానీ పద్ధతి’ అంటే ఇదే.

ఫ్యాను ఉదాహరణ

ఈ పద్ధతిని ఒక సీలింగ్ ఫ్యాను మీద చూద్దాం. ఫ్యానుకు రెండు కొలతలు అందుతాయి: గది ఉష్ణోగ్రత, గాలిలో తేమ. ఫ్యాను వేగం నిమిషానికి 100 నుంచి 300 చుట్ల వరకు మారవచ్చు.

ఉష్ణోగ్రతకు మూడు మాటలు పెట్టుకుందాం. 22 డిగ్రీల వరకు గది పూర్తిగా ‘చల్లన’, అక్కడి నుంచి ఆ సభ్యత్వం తిన్నగా తగ్గుతూ 27 దగ్గర సున్నా అవుతుంది. ‘హాయి’ 22 దగ్గర మొదలై 27 దగ్గర 1కి చేరి 32 దగ్గర ముగిసే త్రిభుజం. ‘వేడి’ 27 దగ్గర మొదలై 32కల్లా 1కి చేరి, ఆపైన అలాగే ఉంటుంది. తేమకు రెండే మాటలు. 40 శాతం వరకు పూర్తిగా ‘పొడి’, 80 శాతం నుంచి పూర్తిగా ‘ఉక్క’. మధ్యలో ఒకటి తగ్గుతూ ఉంటే రెండోది పెరుగుతూ ఉంటుంది.

విశాఖలో ఒక సాయంత్రం గదిలో 30 డిగ్రీలు, 70 శాతం తేమ ఉన్నాయనుకుందాం. 30 డిగ్రీలకు ‘హాయి’ సభ్యత్వం 0.4, ‘వేడి’ సభ్యత్వం 0.6. 70 శాతం తేమకు ‘పొడి’ 0.25, ‘ఉక్క’ 0.75. మామూలు థర్మోస్టాట్ అయితే గీతకు ఇటో అటో తేల్చేస్తుంది. ఇక్కడ గది ఒకేసారి రెండు వైపులా ఉంటుంది.

నియమాలు ఐదు. చల్లగా ఉంటే ఫ్యాను నెమ్మదిగా తిరగాలి. హాయిగా, పొడిగా ఉన్నా నెమ్మదే. హాయిగా ఉన్నా ఉక్కపోస్తుంటే మధ్యస్థం. వేడిగా, పొడిగా ఉంటే మధ్యస్థం. వేడిగా ఉండి ఉక్క కూడా తోడైతే వేగం. నియమంలోని రెండు షరతులూ కలిస్తేనే అది పనిచేయాలి కాబట్టి, రెండు సభ్యత్వాల్లో చిన్నదే ఆ నియమానికి బలం అని మందానీ పద్ధతి చెబుతుంది. ఒకే ఫలితానికి రెండు నియమాలు దారితీస్తే వాటిలో పెద్ద బలాన్ని తీసుకుంటాం.

మన సాయంత్రానికి మొదటి నియమం కదలదు. హాయి, పొడి కలిసి 0.25 బలంతో ‘నెమ్మది’ అంటాయి. హాయి, ఉక్క కలిసి 0.4 బలంతో, వేడి, పొడి కలిసి 0.25 బలంతో ‘మధ్యస్థం’ అంటాయి. అందులో పెద్దది 0.4. వేడి, ఉక్క కలిసి 0.6 బలంతో ‘వేగం’ అంటాయి. అంటే ఫ్యానుకు ఒకేసారి మూడు ఆదేశాలు అందాయి. మోటారుకు మాత్రం ఒక్క అంకె కావాలి.

మాటల నుంచి అంకెకు

వేగానికీ సమితులు ఉంటాయి. ‘నెమ్మది’ 100 చుట్ల దగ్గర 1, 200 దగ్గర సున్నా. ‘మధ్యస్థం’ 100 నుంచి 300 వరకు పరచుకుని 200 దగ్గర కొన ఉన్న త్రిభుజం. ‘వేగం’ 200 దగ్గర సున్నా, 300 దగ్గర 1. ప్రతి ఆకారాన్నీ దాని నియమం బలం ఎంతో ఆ ఎత్తులో అడ్డంగా కోసి, మిగిలినవాటిని ఒకేచోట పరచి, ప్రతిచోటా పెద్ద ఎత్తునే తీసుకుని, ఏర్పడిన మొత్తం ఆకారానికి గురుత్వ కేంద్రం కనుక్కుంటారు. చేత్తో చేయాలంటే 50 చుట్లకు ఒక బిందువు చొప్పున ఐదు బిందువులు తీసుకుంటే చాలు. 100, 150, 200, 250, 300ల దగ్గర ఆకారం ఎత్తులు వరుసగా 0.25, 0.4, 0.4, 0.5, 0.6.

```
0.25×100 + 0.4×150 + 0.4×200 + 0.5×250 + 0.6×300 = 470
0.25 + 0.4 + 0.4 + 0.5 + 0.6 = 2.15
470 ÷ 2.15 ≈ 219
```

ఫ్యాను నిమిషానికి 219 చుట్లు తిరుగుతుంది. బిందువులు దగ్గర దగ్గరగా తీసుకుని లెక్కిస్తే జవాబు 214 దగ్గర స్థిరపడుతుంది. ఐదు చుట్ల తేడా ఫ్యానుకు ఒక లెక్క కాదు.

అసలు లోపం కనిపించేది చివరి అంచుల్లో. 35 డిగ్రీలు, 90 శాతం తేమ ఉన్న గదిలో ‘వేగం’ ఒక్కటే, అదీ నిండు బలంతో పలుకుతుంది. ఫ్యాను 300కి చేరుతుందనే ఎవరైనా అనుకుంటారు. కానీ 200 దగ్గర సున్నాతో మొదలై 300 దగ్గర నిలిచిపోయే త్రిభుజానికి గురుత్వ కేంద్రం 267 దగ్గరే ఉంటుంది. అటు నెమ్మది వైపు కూడా ఇంతే, ఫ్యాను 133 కంటే దిగదు. ఈ పద్ధతిని కొత్తగా రాసేవారికి ఎదురయ్యే మొదటి చిక్కు ఇదే. ఇన్‌పుట్లను చివరి విలువలకు నెట్టి చూస్తే వెంటనే బయటపడుతుంది. దీనికి విరుగుడు తేలిక. ‘వేగం’ త్రిభుజాన్ని 400 వరకు, ‘నెమ్మది’ త్రిభుజాన్ని సున్నా వరకు సాగదీస్తే వాటి కేంద్రాలు సరిగ్గా 300, 100 దగ్గరకు వస్తాయి. మోటారు అంత వేగంగా తిరగకపోయినా ఫర్వాలేదు, ఆ భాగం లెక్క కోసమే.

రెండో దారి మరింత సూటిది. ఫలితానికి ఆకారాలే వద్దనుకుని ‘నెమ్మది’ అంటే 100, ‘మధ్యస్థం’ అంటే 200, ‘వేగం’ అంటే 300 అని ఒక్కో అంకె ఇచ్చి, బలాలతో సగటు తీస్తే సరిపోతుంది. పై సాయంత్రానికి అది 285ను 1.25తో భాగిస్తే వచ్చే 228. జపాన్‌కు చెందిన టకాగి, సుగెనో 1985లో ప్రతిపాదించిన నమూనాకు ఇది అతి సరళ రూపం. వాళ్లు ఫలితం స్థానంలో ఇన్‌పుట్ల మీద ఆధారపడే సూత్రాన్నే ఉంచారు. చిన్న చిప్‌లో నడపడానికి ఇదే అనువు. గురుత్వ కేంద్రం కోసం పడే శ్రమ చాలా సందర్భాల్లో అనవసరమనే చెప్పాలి.

లోపం డీఫజిఫికేషన్‌లోనే ఉండాలనీ లేదు. మే నెల రామగుండంలో 42 డిగ్రీలు, 25 శాతం తేమ ఉన్న గదిని ఇదే ఫ్యానుకు అప్పగిస్తే, ‘వేడి, పొడి’ నియమం ఒక్కటే పనిచేసి వేగం 200 దగ్గర ఆగిపోతుంది. ఎందుకంటే మనం గీసిన ‘వేడి’కి 32 డిగ్రీలూ 42 డిగ్రీలూ ఒకటే. సముద్ర తీరాన్ని మనసులో పెట్టుకుని రాసిన నియమాలు అక్కడ పనికిరావు. ‘మండుటెండ’ అనే నాలుగో మాట చేర్చి, అది పెరిగేకొద్దీ ‘వేడి’ తగ్గేలా గీసి, తేమతో నిమిత్తం లేకుండా దాన్ని ‘వేగం’కు ముడిపెట్టాలి.

వ్యాప్తి, విమర్శ

పరిశ్రమలో తొలి విజయం డెన్మార్క్‌ది. 1970ల చివర ఎఫ్.ఎల్. స్మిత్ సంస్థ ఇంజనీర్లు హోల్మ్‌బ్లాడ్, ఓస్టర్‌గార్డ్ సిమెంటు బట్టీని ఈ పద్ధతిలో నడిపారు. బట్టీ లోపల జరిగేదాన్ని సమీకరణంగా రాయడం కష్టం. ఏళ్ల తరబడి బట్టీ చూసిన ఆపరేటర్లకు మాత్రం ఎప్పుడేం చేయాలో తెలుసు. ఆ తెలివినే నియమాలుగా రాసుకున్నారు. 1987లో జపాన్‌లోని సెండాయ్ నగరంలో మొదలైన భూగర్భ రైలు వేగాన్నీ, స్టేషన్లో ఆగే తీరునూ హిటాచీ తయారుచేసిన ఫజీ నియంత్రకం చూసుకుంది. 1990లో మత్సుషితా ఫజీ వాషింగ్ మెషీన్‌ను మార్కెట్‌లోకి తెచ్చింది. మన ఇళ్లలోని మెషీన్ల మీద ‘ఫజీ’ అనే మీట కనబడేది ఆ ఒరవడి వల్లే.

గణితవేత్తల్లో అందరూ దీన్ని ఆదరించలేదు. నియంత్రణ సిద్ధాంతంలో దిగ్గజమైన రుడాల్ఫ్ కాల్మన్ 1972లోనే జాదే ఆలోచనలను ఘాటుగా విమర్శించాడు. బర్క్‌లీలోనే పనిచేసిన విలియమ్ కాహన్ కూడా వ్యతిరేకించాడు. యంత్రం అదుపు తప్పకుండా ఉంటుందని నియమాల పట్టిక హామీ ఇవ్వదన్నది నిలిచే విమర్శే. టకాగి–సుగెనో నమూనాలకు అలాంటి నిరూపణ మార్గాన్ని తనాకా, సుగెనో 1992లో చూపారు. నియమాల సంఖ్య మరో ఇబ్బంది. మూడు కొలతలకు ఐదేసి మాటలు పెడితే పట్టికలో 125 గళ్లు నింపాలి. అన్నిటినీ చేత్తో రాసి సరిచూడటం తేలికైన పని కాదు.

జాదే 2017లో మరణించాడు. ఇక మన ఫ్యాను సంగతి: దానికి ఉష్ణోగ్రత ఒక్కటే అందించి, అంకెల సగటు పద్ధతి వాడితే, వచ్చే వేగం 22 డిగ్రీలకు 100, 27కి 200, 32కి 300 అనే మూడు బిందువులను కలిపే సరళరేఖల మీదే పడుతుంది. కాబట్టి ఒక్క కొలతతో నడిచే ఫ్యానుకు ఫజీ తర్కం అవసరం లేదు, మూడు వరుసల పట్టిక చాలు.