టీచర్ పనితీరు: మూడూ కలిపి చూస్తేనే లెక్క

ఆంధ్రప్రదేశ్‌లోనూ వాడిన ప్రపంచ బ్యాంకు ‘టీచ్’ పద్ధతిలో పరిశీలకులు క్లాసులో కూర్చొని, 15 నిమిషాల చొప్పున రెండు భాగాలుగా బోధన చూసి స్కోరు వేస్తారు. ఇది ఒక్కటే చాలదు.

పిల్లల ప్రగతిని మొదలైన చోటి నుంచి కొలవాలి. 20 మంది ఉన్న గుడివాడ క్లాసులో చదవగలిగేవారు 15 నుంచి 17కి, దివిసీమ క్లాసులో 4 నుంచి 12కి పెరిగారనుకుందాం. చివరి అంకెలో గుడివాడ ముందుంది, పెరుగుదలలో దివిసీమ. అయితే ఆ 8 మంది పాఠం బట్టీ పట్టారేమో! కొత్త పేరా చదివిస్తే తెలిసిపోతుంది.

తల్లిదండ్రులను ‘టీచర్ మంచివారేనా’ అని కాదు, ‘నోట్‌బుక్ దిద్దుతున్నారా, ఇంట్లో పిల్లలు చదివి వినిపిస్తున్నారా’ అని అడగాలి. మీటింగుకు రాలేని కూలీలను ఫోన్‌లో, మచిలీపట్నంలో ఉర్దూ మాట్లాడే తల్లులను ఉర్దూలోనే అడగాలి. మూడు ఆధారాలూ పొసగకపోతే సగటు తీసేయకుండా, మళ్లీ క్లాసుకే వెళ్లి చూడాలి.