సాల్జ్‌బర్గ్‌లో ఒంటరి ఓటు

2015 ఏప్రిల్ 10న జర్మనీలో డెర్ ష్పీగెల్ పత్రిక ఒక చిన్న మాట బయటపెట్టింది. ఫోక్స్‌వ్యాగన్ పర్యవేక్షక మండలి అధ్యక్షుడు ఫెర్డినాండ్ పీయెష్, తాను వింటర్‌కోర్న్‌కు దూరంగా ఉన్నానన్నాడు. అంతే. ఎందుకో చెప్పలేదు.

మార్టిన్ వింటర్‌కోర్న్ పరాయివాడు కాడు. ఆడి రోజుల నుంచి పీయెష్ చేరదీసి పైకి తెచ్చిన మనిషి, అప్పటికి ఎనిమిదేళ్లుగా కంపెనీ సీఈఓ. అలాంటివాడు తన మీద పెద్దాయనకు నమ్మకం పోయిన సంగతి పత్రికలో చూసుకోవలసి వచ్చింది.

పీయెష్‌కు ఈ దారి కొత్త కాదు. 2006లో అప్పటి సీఈఓ పిషెట్స్‌రీడర్ కాంట్రాక్టు పొడిగింపుపై పత్రికాముఖంగా అనుమానం వెలిబుచ్చాడు. ఆ ఏడాది చివరికి ఆయన వెళ్లిపోయాడు. 2009లో పోర్షె అధిపతి వీడెకింగ్ గురించి విలేకరుల ముందు ఓ మాట విసిరాడు. ఆయనా నిలవలేదు. రెండుసార్లు పారిన పాచిక మూడోసారీ పారుతుందనుకున్నాడు పాపం. ఆ రెండుసార్లూ తక్కినవాళ్లు తన వెంట రావడానికి వాళ్ల కారణాలు వాళ్లకున్నాయని మరిచిపోయాడు.

ఈసారి రెండు రోజులకే వోల్ఫ్‌గాంగ్ పోర్షె గొంతు విప్పాడు. అది పీయెష్ సొంత అభిప్రాయమనీ, కుటుంబంతో మాట్లాడి చెప్పింది కాదనీ తేల్చేశాడు. వరసకు సోదరుడు, వాటాల్లో భాగస్తుడు. ఆయన్నే ముందుగా అడగలేదంటే ఇంకెవరిని అడిగినట్టు? కార్మికుల ప్రతినిధి ఓస్టర్‌లో, 20 శాతం ఓటు హక్కున్న లోయర్ సాక్సనీ రాష్ట్ర ముఖ్యమంత్రి వైల్ కూడా వింటర్‌కోర్న్ పక్షానే నిలిచారు.

ఏప్రిల్ 16న సాల్జ్‌బర్గ్‌లో పర్యవేక్షక మండలికి చెందిన ఆరుగురు సభ్యుల అధ్యక్ష సంఘం కూర్చుంది. అయిదుగురు ఒకవైపు, పీయెష్ ఒక్కడూ ఒకవైపు.

నాకు బాధ కలిగించేది ఆయన ఓటమి కాదు. ఆయన అనుమానంలో నిజం ఉండి ఉండవచ్చు. అయితే దానికి దారి వేరే ఉంది. ముందు వింటర్‌కోర్న్‌ను ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఫలానా పని నాకు నచ్చలేదని ఆధారంతో చెప్పాలి. తర్వాత పోర్షె, ఓస్టర్‌లో, వైల్ దగ్గరికి విడివిడిగా వెళ్లినా ముగ్గురికీ అదే మాట చెప్పాలి. రేపు వాళ్లు ఒకచోట కలిసి పోల్చుకున్నా తేడా రాకూడదు. వింటర్‌కోర్న్‌తో మాట్లాడాననీ దాచకూడదు. వాళ్లు కాదంటే ఆగాలి, లేదా తన అసమ్మతిని సమావేశంలోనే నమోదు చేయించుకోవాలి. ఇలా వెళితే పని నెమ్మదిస్తుంది, ఒక్కోసారి ఓడిపోతాం కూడా. కానీ కారణం తెలిసినవాడు అవతలి పక్షాన నిలిచినా, మన మాటను తూచి చూస్తాడు. కారణం చెప్పనివాడికి అంతకాలం భయపడి వెంట నడిచినవాళ్లు, భయం తీరిన రోజున పక్కకు జరుగుతారు.

ఏప్రిల్ 25న పీయెష్ రాజీనామా చేశాడు. మండలిలోనే ఉన్న భార్య ఉర్సులా కూడా ఆయనతో పాటే తప్పుకుంది. సెప్టెంబర్‌లో డీజిల్ కుంభకోణం బయటపడింది, 23న వింటర్‌కోర్న్ కూడా దిగిపోయాడు. ఆ రోజు మండలిలో పీయెష్ కుర్చీ లేదు.

2019 ఆగస్టు 25న ఆయన కన్నుమూశాడు, 82 ఏళ్లకు.